లాభం, మూడు

మా నాయినకు షుగర్ ఉంది. కానీ ఆయన ప్రాణం మీదికి తెచ్చింది షుగర్ కాదు, నేను. అది కూడా ఒకే ఒక్క పెసరట్టు లెక్కలో. నేను నాగర్‌కర్నూల్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని కాబట్టి ఈ మాట రాయడానికి నాకు ఎంత సిగ్గుగా ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

మాది తిమ్మాజిపేట దగ్గరి పల్లె. నాయినకు రెండేళ్లుగా సూది నడుస్తోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇన్సులిన్. సూది మొదలుపెట్టిన రోజే డాక్టర్, పొద్దున అన్నం, ఇడ్లీ మానేసి పెసరట్టు తినమన్నాడు. ఎన్ని తింటాడో, రోజూ అన్నే తినాలని, సూది మందు ఆ తిండికి సరిపోయేలా ఉంటుందని నాలుగుసార్లు చెప్పాడు. అప్పటిదాకా పండక్కో పబ్బానికో తప్ప పెసరట్టు ఎరగని ఇల్లు మాది. జొన్నరొట్టె, నిన్నటి కూర, అంతే. ఆ రోజు నుంచి అమ్మ రాత్రి పడుకునే ముందు పెసలు నానబోయడం, తెల్లారి అల్లం, పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి రుబ్బడం మొదలైంది. పులియబెట్టే పని లేదు, రుబ్బిన వెంటనే పోసుకోవచ్చు. అదొక్కటే అమ్మకు నచ్చిన సుగుణం.

అట్టు పొయ్యడంలో అమ్మకు తన పద్ధతులు తనకున్నాయి. ఇనుప పెనం బాగా కాగాక సగం కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి పెనమంతా రుద్దుతుంది. గరిటెడు పిండి మధ్యలో పోసి, గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పుకుంటూ అంచులదాకా పరుస్తుంది. పైన సన్నగా తరిగిన ఉల్లిగడ్డ చల్లి అరచేత్తో మెల్లగా అదుముతుంది. చుట్టూ నాలుగు చుక్కల నూనె. అడుగు ఎర్రబడి అంచులు లేచాక మడిచి పళ్లెంలో వేస్తుంది, తిరగెయ్యదు. అమ్మ గరిటె కూడా మామూలుది కాదు. ఆమె ఒక్క అట్టు నా రెండు అట్లంత ఉంటుందని చెప్పను గానీ, ఒకటిన్నరకు తక్కువ ఉండదు.

ఇన్ని చూసి, ఇన్ని గుర్తుపెట్టుకుని, అసలు సంగతి నేను చూడలేదు.

సూది మొదలుపెట్టిన రోజు డాక్టర్ గదిలో నాయిన పక్కన నేనే కూర్చున్నాను. వారం తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు కూడా నేనే. అప్పటికి పెసరట్టు అలవాటైంది. డాక్టర్ రాసుకుంటూ, పొద్దున ఎన్ని తింటున్నావు పెద్దాయనా అని అడిగాడు. నాయిన కాసేపు చేతివేళ్లు చూసుకుని, "లాభం... మూడు సారూ" అన్నాడు.

డాక్టర్ ఈ ప్రాంతం మనిషి కాదు. ఏం లాభం వచ్చింది పెద్దాయనా అని నవ్వాడు. అక్కడే నేను నోరు పెట్టాను. నా నోరు ఎప్పుడూ ఊరికే ఉండదు. కల్లంలో గింజలు కొలిచేటప్పుడు మా దిక్కు మొదటి కుంచాన్ని ఒకటి అనరని, లాభం అంటారని, ఆ తర్వాత రెండు, మూడు అని కొలుస్తారని, మా నాయిన ఒకప్పుడు ఊరందరి కల్లాల్లో కొలిచిన మనిషని పాఠం చెప్పినట్టు చెప్పాను. లాభం అంటే ఒకటేనని, మొత్తం మూడేనని తేల్చేశాను. డాక్టర్ ముచ్చటపడ్డాడు. కాగితం మీద "పెసరట్లు 3" అని రాశాడు. నాయిన నా వైపు ఒకసారి చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. చదువుకున్న బిడ్డ డాక్టర్ ముందర మాట్లాడుతుంటే అడ్డం రావడం ఆయనకు ఇష్టం లేదు. నాకేమో నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

తర్వాత నెలల్లో రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ షుగర్ ఎక్కువే వచ్చింది. మూడు పెసరట్లకు ఇంత రాకూడదే అని డాక్టర్ రెండుసార్లు సూది మోతాదు పెంచాడు. నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మ మీద, నాయిన మీద కేకలేశాను. దొంగచాటుగా బెల్లం తింటున్నారా, చాయ్‌లో చక్కెర వేస్తున్నారా అని నిలదీశాను. అమ్మ ఒట్టు పెట్టుకుంది. మోతాదు పెరిగాక లెక్క కుదిరింది, పరీక్షలు మంచిగా రాసాగాయి. అప్పుడు కూడా, నేను గట్టిగా చెప్పబట్టే దారికొచ్చారనుకున్నాను.

పోయిన చలికాలం గద్వాలలో ఉండే చిన్నమ్మ కోడలికి కాన్పయింది. చూసుకోవడానికి మనిషి లేదని అమ్మను పదిరోజులకు పిలిచారు. నాయినను నా దగ్గర దింపి అమ్మ గద్వాల బస్సెక్కింది. పోతూ పోతూ ఏదో చెప్పబోతే, అంతా రాసి పెట్టుకున్నాను, నువ్వు పో అని పంపించాను. నిజంగానే రాసి పెట్టుకున్నాను. వంటింటి గోడకు కాగితం అంటించాను. సూది ఎన్ని గంటలకు, ఎన్ని యూనిట్లు, ఎంతసేపటికి తిండి, ఎన్ని పెసరట్లు, అన్నీ.

మరుసటి పొద్దున నేను, నాయిన వనపర్తి పోవాలి. అక్కడ మా అత్త, అంటే నాయిన చెల్లెలు, ఇంటి జాగా రిజిస్ట్రేషన్ పెట్టుకుంది. నాయిన సాక్షి సంతకం చెయ్యాలి. పదకొండు గంటలకు స్లాట్. అది తప్పితే మళ్లీ ఎప్పుడో అని అత్త ముందురోజు మూడుసార్లు ఫోన్ చేసింది. అందుకని పొద్దున లేచినప్పటి నుంచి నేను ఉరుకుల మీద ఉన్నాను.

ఏడుంబావుకు సూది వేశాను. అర్ధగంటకు పొయ్యి ముట్టించి పెనం పెట్టాను. నాది అంటుకోని పెనం, చిన్న గరిటె. మొదటి అట్టు పోసి చూసేసరికి నాయిన వచ్చి పొయ్యి పక్కన నిలబడి ఉన్నాడు. చెయ్యి కొద్దిగా ముందుకు చాపి, అరచెయ్యి పైకి పెట్టి. ఏంది నాయినా, పోయి కూసో, పళ్లెంల తెస్త అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పోయి కూర్చున్నాడు. చిన్నపిల్లాడిలా వంటింట్లో నిలబడటమేంటని నాకు విసుగొచ్చింది.

మూడు పెట్టాను. చక్కగా వచ్చాయి, ఒక్కటీ విరగలేదు. తినేసి పళ్లెం వైపే చూస్తూ, ఇంకోటి ఉందా బిడ్డా అన్నాడు. గోడ మీది కాగితం చూపించాను. మూడంటే మూడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, నేను రాసిన కాగితంలో మూడే అట్లు. మిగిలిన పిండి ఫ్రిజ్‌లో పెట్టేసి, షుగర్ చూసే మిషన్ సంచిలో పెట్టుకుందామా అనుకుని, ఎందుకులే, అంతా పద్ధతి ప్రకారమే నడిచింది కదా అని వదిలేసి తాళం వేశాను.

ఎనిమిదిన్నర బస్సు. కూర్చోవడానికి సీట్లు దొరికాయి. ఊరు దాటేదాకా నాయిన బాగానే ఉన్నాడు. చేలు చూస్తూ ఎవరి మిరప ఎట్లుందో చెప్తున్నాడు. తర్వాత మాటలు తగ్గాయి. నిద్రపోతున్నాడనుకున్నాను. కాసేపటికి తువ్వాలతో మెడ తుడుచుకోసాగాడు. చలికాలం పొద్దున, కిటికీలోంచి చల్లటి గాలి కొడుతుంటే ఆయన అంగీ వీపు మీద తడిసి అంటుకుపోయింది.

"జర తీపి ఏమన్న ఉంటే ఇయ్యి బిడ్డా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అమ్మ లేదని ఇదే సందనుకున్నాడా అనిపించింది. నీకు తీపి విషం నాయినా, సిగ్గులేదా అడగడానికి అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను, సిగ్గులేదా అని, కన్న తండ్రిని. ఆయన మళ్లీ అడగలేదు. ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. చేతులు వణకడం చూసి, షుగర్ ఎక్కువైందనుకున్నాను. తెల్లవారుజామున లేచి నా డబ్బాల్లో చక్కెర ఏమైనా తిన్నాడేమోనని కూడా అనుమానించాను. నీళ్ల సీసా ఇస్తే మూత తియ్యడం చేతకాక ఒడిలో పోసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన నోటి వెంట నేను ఎప్పుడూ వినని మాటలు వచ్చాయి. కండక్టర్ టికెట్లు చూస్తూ వస్తే చెయ్యి విదిలించి కొట్టబోయాడు. నన్ను చూసి, నువ్వెవరు, నా సంచి ఎందుకు పట్టుకున్నవ్ అన్నాడు. నాలుక మొద్దుబారి మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. మా నాయిన జీవితంలో కల్లు ముంత కూడా ముట్టని మనిషి.

కండక్టర్ నా దిక్కు చూసి, "పొద్దుగాలనే తాగిచ్చి తెచ్చినవా ఏంది మేడం?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో, ఆడోళ్లున్న బస్సు, దింపెయ్యి అన్నారు. నాకు సిగ్గుతో ముఖం ఎత్తబుద్ధి కాలేదు. ఇది రాయకుండా ఉండొచ్చు, కానీ రాస్తాను. ఆ క్షణంలో నాకు నాయినకు ఏమవుతుందో అన్న భయం కంటే, బస్సులో నన్ను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అన్న భయమే ఎక్కువ ఉండింది.

నాయిన తల నా భుజం మీదికి వాలిపోయింది. అప్పుడు భయమేసింది.

పక్క వరుసలో ఒక ముస్లిం ఆవిడ ఉంది, అమ్మ వయసుంటుంది. బిజినేపల్లి దాటి ఎక్కడికో మనవడిని చూడటానికి పోతున్నట్టుంది, ఒళ్లో సంచి నిండా తినుబండారాలు. ఇంతసేపూ మా వైపే చూస్తోంది. లేచి వచ్చి నాయిన నుదురు మీద చెయ్యి వేసింది. తడి చేతికి అంటింది.

"సూది ఏసుకుంటడా?" అని అడిగింది.

అవునన్నాను. షుగర్ ఎక్కువైనట్టుందని, దవాఖానకు తీసుకుపోతానని చెప్పాను.

"ఎక్కువ కాలే బేటీ, పడిపోయింది. మా ఇంటాయనకు గిట్లనే అయితుండె. తీపి పెట్టు ముందుగాల, లేకుంటే మనిషి దక్కడు."

నేను కదల్లేదు. నా చేతులతో తీపి ఎట్లా పెట్టాలి? రెండేళ్లుగా అదే విషమని చెప్తూ వచ్చినదాన్ని. ఆమె నా కోసం ఆగలేదు. సంచిలోంచి మనవడి కోసం కొన్న మామిడి రసం ప్యాకెట్ తీసి చింపింది. నాయిన గడ్డం పట్టుకుని, అన్నా, అన్నా, మింగు అని పిలిచింది. ఆయన కళ్లు సగం తెరిచాడు. మింగుతున్నాడని చూసుకున్నాకే కొంచెం కొంచెంగా పోసింది. తెలివి తప్పినోళ్ల నోట్లో పొయ్యొద్దు, ఊపిరికి అడ్డం పడతది అని నాకు చెప్తూనే పోసింది. కొంత గడ్డం మీదుగా కారింది, కొంత లోపలికి పోయింది. రెండో ప్యాకెట్ కూడా చింపింది. కండక్టర్ డ్రైవర్ దగ్గరికి పోయి, ఎక్కడా ఆపకుండా బిజినేపల్లికి పట్టమన్నాడు.

ఆ పది నిమిషాలు ఎంత పొడుగో నేను చెప్పలేను. నాయిన చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. అత్త ఫోన్ చేస్తూనే ఉంది, ఎత్తలేదు. ఆవిడ నా పక్కన నిలబడి, పొద్దుగాల ఏం పెట్టినవ్ అని అడిగింది. పెసరట్లన్నాను. ఎన్ని అంది. మూడు. రోజూ ఎన్ని తింటడు? మూడే. ఆవిడ నమ్మనట్టు చూసింది. నాకు అప్పుడు కూడా కోపమే వచ్చింది. నా లెక్కను అనుమానించడానికి ఈమె ఎవరనిపించింది.

అప్పుడే నాయిన పెదవులు కదిలాయి. నేను చెవి దగ్గర పెట్టాను.

"లాభం ఇయ్యలే" అన్నాడు.

ఏంది నాయినా అన్నాను. ఆయన కళ్లు తెరవకుండానే, నిష్ఠూరంగా, అలిగిన పిల్లాడిలా మళ్లీ అన్నాడు. "మీ అమ్మ రోజూ లాభం ఇస్తది. నువ్వు ఇయ్యలే."

బిజినేపల్లిలో దిగాం. ఆవిడ కూడా మా కోసం దిగింది. బస్టాండు ముందరున్న చిన్న దవాఖానలో నాయిన వేలికి గుచ్చి చూస్తే, అంత రసం తాగాక కూడా అరవై రెండే ఉంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని అక్కడి నర్సు చెప్పింది. గ్లూకోజ్ నీళ్లు తాగించి, తర్వాత బ్రెడ్డు పెట్టించింది. నాయినకు మెల్లగా చెమట ఆరింది. చుట్టూ చూసి, వనపర్తి వచ్చిందా అని అడిగాడు. బస్సులో జరిగింది ఒక్కటీ గుర్తులేదు. నేను అన్న మాట కూడా గుర్తులేదు కాబోలు. అదైనా దేవుడు నాకు చేసిన మేలు. ఆవిడ ఇంకో బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది. నేను దండం పెడితే చేతులు పట్టుకుని దించింది.

బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. లాభం అంటే ఏంటని అడిగాను. నా గొంతు విని అమ్మ ముందు భయపడింది, తర్వాత ఇంత చిన్న విషయం అడుగుతున్నానేంటి అన్నట్టు చెప్పింది. మొదటి అట్టు పెనానికి అంటుకుంటది, విరుగుతది. విరిగినదాన్ని పళ్లెంల పెట్టి మనిషికి వడ్డిస్తామా? అందుకని మీ నాయిన పొయ్యి కాడికే వచ్చి నిలబడతడు, చేతుల పెడత. దానికి లాభం అని పేరు పెట్టింది కూడా మీ నాయినే. అది తిని పోయి కూసున్నంక పళ్లెంల ఒకటి, రెండు, మూడు.

"మరి అది లెక్కల రాదా?" అన్నాను.

"లాభం లెక్కల ఎట్ల వస్తదే? చేతుల పెట్టేది ఎవరన్న లెక్కిస్తరా? లాభం పోను మూడు."

అంటే నాలుగు. ఆ నాలుగు కూడా అమ్మ గరిటెవి. రెండేళ్లుగా రోజూ నాలుగు తిన్నాడు. పరీక్షలో ఎక్కువ చూపించింది ఆ నాలుగో అట్టే, మోతాదు రెండుసార్లు పెరిగింది దానివల్లే. ఆ సూది నాలుగు పెద్ద అట్లకు సరిపోయే సూది. నేను మూడు చిన్నవి పెట్టి బస్సెక్కించాను. కల్లంలో లాభం తర్వాత రెండు వస్తుంది, మా అమ్మ వంటింట్లో లాభం తర్వాత ఒకటి వస్తుంది. నాకు కల్లం సంగతి పుస్తకాల్లో రాసేంత తెలుసు. మా వంటిల్లు తెలియదు.

అత్త స్లాట్ తప్పలేదు. పక్కింటాయన సాక్షి సంతకం చేశాడట. సాయంత్రం నాయినను తీసుకుని నాగర్‌కర్నూల్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. అమ్మ చెప్పిన లెక్క దారిలోనే నాయినకు చెప్పాను. బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో లోపల కూడబలుక్కుంటూనే ఉన్నాను. తప్పు నాదేనని, లాభం అంటే ఏంటో తెలియకుండా తెలిసినట్టు చెప్పానని, చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను. పిల్లలకు తప్పు ఒప్పుకోమని రోజూ చెప్పేదాన్ని కదా.

లోపలికి వెళ్లాక డాక్టర్ బిజినేపల్లి చీటీ చూసి ముఖం మార్చుకున్నాడు. పాత కాగితాలు తిరగేసి, మూడు అట్లు తింటే ఈ మోతాదుకు ఎప్పుడూ కాంది ఇవాళ ఎందుకైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయిన చేతులు జోడించాడు.

"తప్పు నాదే సారూ. నాలుగు తినుకుంట మూడని చెప్పిన. బిడ్డకు ఏం తెల్వదు."

డాక్టర్‌కు కోపమొచ్చింది. ఆయన కోపంలో న్యాయముంది. తిండి దాచిపెడితే మందు ఎట్లా రాయాలి పెద్దాయనా, ఇవాళ చచ్చిపోయేవాడివి, నీ ఒక్క అబద్ధానికి మీ అమ్మాయి జీవితాంతం ఏడ్చేది అని గట్టిగా తిట్టాడు. తిడుతూనే మోతాదు తగ్గించి రాశాడు, అట్లు ఎన్నో ఎంతేసివో సరిగ్గా చెప్పమన్నాడు. ఊరందరికీ ఒక్క గింజ తేడా రాకుండా కొలిచిన మనిషి తల వంచుకుని, అవును సారూ, తప్పైంది సారూ అంటూ కూర్చున్నాడు. ఎవరి మాటనూ ఊరికే పోనివ్వని నేను, ఆయన పక్కనే కూర్చుని, ఆ తిట్లన్నీ అయిపోయేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు.